గుడి తేలిన కీచైన్

"మేడం, నీళ్లు దిగుతున్నయ్ చూడుండ్రి!"

అరిచింది సోమశిల నుంచి మా బడికి వచ్చే పిల్లాడు. గదిలో నీళ్లు లేవు. కంప్యూటరు తెర మీద అయిదు సెంటీమీటర్ల పొడవున్న కీచైన్ బొమ్మ ఉంది, అంతే. ఆ బొమ్మకు కుడిపక్కన నిలువుగా ఒక గీత, గీతకు పైన ఒక బొత్తం, కింద ఒక బొత్తం. కింది బొత్తాన్ని మౌసుతో పట్టి పైకి లాగితే కీచైన్ అడుగు నుంచి ఒక్కో పొర మాయమవుతూ చివరికి అక్షరాల నెత్తులే మిగులుతాయి. మెల్లగా కిందికి దించితే ముందు అక్షరాలు, ఆ తర్వాత పలక పైభాగం, ఆఖరికి అడుగు బయటపడతాయి. పిల్లాడు దాన్ని దించుతూ అరిచాడు. వాడి వెనక నిలబడిన నాకు ఒళ్లు జలదరించింది.

సోమశిల చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. కొల్లాపూర్ దాటి కృష్ణ ఒడ్డుకు చేరితే అక్కడ ఉన్నది శ్రీశైలం జలాశయం వెనుక నీరు. జలాశయం నిండితే 885 అడుగులు. వేసవికి నీరు వెనక్కి తగ్గుతుంటే ఒడ్డు మీది మట్టిలో ఒకదాని కింద ఒకటి చారలు మిగులుతాయి. నీరు కొన్నాళ్లు ఆగిన ప్రతి మట్టం దగ్గరా ఒక చార. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి కూడా అలాగే శిఖరంతో మొదలుపెట్టి కిందికి కిందికి తేలుతుంది. ఈ పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి ఏటా చూస్తున్నది అదే. స్లైసింగ్ అంటే ఏమిటో వాళ్లకు నది ముందే చూపించింది. నాకే ఆ రోజు వరకు తెలియలేదు.

నేను తెలుగు టీచర్ని. ఆ గదిలోకి వెళ్లింది మా సైన్సు సారు పిలిస్తే. "మేడం, పిల్లలు కీచైన్ మీద పేరు తెలుగులోనే కావాలంటున్నరు. అక్షరాలు పాడైతున్నయి, ఒక్కసారి వచ్చి చూస్తరా?" అన్నారు. పది నిమిషాల్లో వచ్చేద్దామని వెళ్లి చీకటి పడ్డాక ఇంటికి చేరాను. మళ్లీ శనివారం వెళ్లాను, ఆ పై శనివారం కూడా. ఇప్పుడు సారూ నేనూ కలిసి తొమ్మిదో తరగతి క్లబ్బుకు పాఠం రాసుకుంటున్నాం. మూడు శనివారాలు, పూటకు గంటన్నర. పిల్లలు ఇరవై నలుగురు, త్రీడీ ప్రింటరు ఒక్కటే. దేశంలో 2016 నుంచి వస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబులున్న బళ్లలో ఇలాంటి యంత్రాలు ఆరో తరగతి పిల్లల చేతికే అందుతున్నాయట. ఇన్నేళ్లు నేను వీటి పక్కనుంచి ఎలా నడిచిపోయానో!

మొదటి శనివారం కంప్యూటరు ముట్టుకోం. ఇది సారు ఆలోచన. మొత్తం పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చింది కూడా ఇదే. పిల్లలు ఒడ్డు నుంచి ఒండ్రుమట్టి తెచ్చి జానెడు గోపురం చేస్తారు. దానికి అటూ ఇటూ నోటుపుస్తకాలు దొంతిగా పేర్చి, రెండు దొంతుల మీదా ఆనేలా కుట్టుదారం బిగించి పట్టి గోపురంలోంచి లాగుతారు. పై ముక్క ఊడుతుంది. రెండు వైపులా ఒక్కో పుస్తకం తీసేసి మళ్లీ లాగుతారు. పుస్తకాలన్నీ ఒకే మందం కాబట్టి ముక్కలన్నీ ఒకే మందంలో వస్తాయి. ఒక్కో ముక్కను కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి అంకె వేస్తారు. చివరికి మట్టి పక్కకు పోయి కాగితాలు మిగులుతాయి. వాటిని ఒకటో అంకె పైన వచ్చేలా పేర్చితే గోపురం మళ్లీ వస్తుంది.

అంకెలు చూడగానే ఒక అమ్మాయి అంది, "మా తాత చెప్పిండు మేడం, మా ఊరి గుడి రాళ్లకు కూడా గిట్లనే నంబర్లు ఏసిన్రంట." శ్రీశైలం నీళ్లలో మునిగిపోయే గుళ్లను విప్పి ఎగువకు తరలించిన కాలం మాట అది. కూడలి సంగమేశ్వరాలయం అలాగే అలంపూర్ చేరింది. వరస వరసగా విప్పి, మళ్లీ అదే వరసలో అడుగు నుంచి పేర్చడం. ఆ పిల్ల అన్నాక మేం చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు. స్లైసర్ చేసేది కోత, ప్రింటర్ చేసేది పేర్పు. నది పైనుంచి కిందికి చూపిస్తుంది, యంత్రం కింది నుంచి పైకి కడుతుంది.

కట్టే పద్ధతి మాత్రం మెహందీ కోన్‌తో చూపిస్తాం. ఆడపిల్లలందరికీ అందులో చేయి తిరిగి ఉంటుంది. కోన్ మొన ఎంత కత్తిరిస్తే గీత అంత లావు, చేయి నెమ్మదిస్తే ముద్ద, తొందరపడితే తెగుతుంది. ప్రింటరు ముక్కు కూడా అంతే. దాని రంధ్రం 0.4 మిల్లీమీటర్లు. ఈ పద్ధతి కనిపెట్టిన స్కాట్ క్రంప్ కూడా 1988లో కూతురికి బొమ్మ కప్ప చేసివ్వడానికి జిగురు తుపాకీతోనే పొర మీద పొర వేస్తూ కూర్చున్నాడట. మరుసటి ఏడు పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆ పేటెంటు గడువు 2009లో తీరాకనే చవక యంత్రాలు బల్లల మీదికి వచ్చాయి. సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో 2023లో ప్రింట్ చేసిన గుడి ఉంది. అక్కడ ప్లాస్టిక్ బదులు కాంక్రీటు లాంటి మిశ్రమం, చిన్న ముక్కు బదులు పెద్ద యంత్రపు చేయి. గోడలకేసి చూస్తే పొరలు కంటికే ఆనుతాయి. పిల్లలకు ఆ ఫొటో చూపించి నేను ఏమీ మాట్లాడను. వాళ్లే పొరలు లెక్కపెడతారు.

రెండో శనివారం గీయడం. టింకర్‌క్యాడ్‌లో 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 3 మందం ఉన్న పలక. ఒక చివర రింగు దూరడానికి 5 మిల్లీమీటర్ల రంధ్రం. ప్రింటయ్యాక రంధ్రం గీసినదానికన్నా రవ్వంత ఇరుకవుతుంది కాబట్టి 3 పెడితే రింగు దూరదు. రంధ్రానికీ పలక అంచుకూ మధ్య కనీసం మూడు మిల్లీమీటర్లు వదలాలి, లేకపోతే తాళాల బరువుకు అక్కడే చిట్లుతుంది. పలక మీద ఒక మిల్లీమీటరు ఎత్తున పేరు. ఇంతే కీచైన్. ఇందులో కష్టమల్లా పేరు దగ్గరే, నన్ను పిలిచింది అందుకే.

తెలుగు అక్షరాలు నేరుగా టైపు చేయకుండా ఇంక్‌స్కేప్‌లో రాస్తాం. అక్కడ గుణింతాలు, వత్తులు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. తర్వాత ఆ రాతను గీతల బొమ్మగా మార్చి ఎస్‌వీజీ ఫైలుగా దాచి టింకర్‌క్యాడ్‌లోకి తెచ్చుకుంటాం. తెచ్చిన బొమ్మను 40 మిల్లీమీటర్ల వెడల్పుకు కుదించి పలక మీద కూర్చోబెడతాం. ఇక్కడి దాకా సాఫీగా సాగింది.

ఆ తర్వాత క్యూరా స్లైసర్‌లో తెరిచి స్లైస్ నొక్కారు. సోమశిల పిల్లాడు ప్రివ్యూ చూస్తూ చూస్తూ బిక్కమొహం పెట్టాడు. "మేడం, గుడి మునిగింది."

చూశాను. "శి" మీద గుడి లేదు. తెర మీద "సోమశల" అని ఉంది.

గీసిన బొమ్మలో గుడి ఉంది. కోసిన బొమ్మలో లేదు. అంతకుముందు ఇరవై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో గుడి మరిచిపోయినచోట ఎర్రసిరాతో దిద్దాను కానీ యంత్రం ఎందుకు మరిచిపోయిందో నాకు అర్థం కాలేదు. సారు బొమ్మను పెద్దది చేసి కొలిచి చూపించారు. పిల్లలు ఎంచుకున్నది సన్నని, అందమైన ఫాంటు. 40 మిల్లీమీటర్లకు కుదించేసరికి గుడి వంపు సన్నబడి 0.2 మిల్లీమీటర్లకు దిగింది. ముక్కు గీయగల గీత 0.4. తన మొనకన్నా మరీ సన్నటి గీతను గీయడం కుదరక స్లైసర్ దాన్ని వదిలేసింది. ఏ హెచ్చరికా రాలేదు. ప్రివ్యూ చూడకుండా ప్రింట్ నొక్కి ఉంటే ఆ తప్పు ప్లాస్టిక్‌లో అచ్చయ్యేది.

రామభద్ర లాంటి లావాటి ఫాంటుకు మార్చాం. అక్షరం గీత ఎక్కడ కొలిచినా 0.8కి తగ్గకూడదని నియమం పెట్టుకున్నాం. అంటే ముక్కు అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరగడానికి చోటు. మళ్లీ స్లైస్ చేసి కింది బొత్తాన్ని దించుతుంటే ముందు తేలిన అక్షరాలతోపాటే గుడి వంపు కూడా తేలింది. గది గదంతా అరిచింది. నేను కూడా.

ఆ రోజు నుంచి నేను మన అక్షరాలను కొత్త కళ్లతో చూస్తున్నాను. "ప"కూ "వ"కూ తేడా ఏమిటి? తలకట్టు అక్షరానికి అంటుకుందా, విడిగా ఉందా అన్నదే. ఆ సందు 0.3 మిల్లీమీటర్లయితే కరిగిన ప్లాస్టిక్ రెండు వైపుల నుంచి ఒరిగి సందు పూడిపోతుంది. అప్పుడు "పద్మ" "వద్మ" అవుతుంది. ఆ సందును అర మిల్లీమీటరు దాటేలా ఉంచాలి. విడిగా ఉన్న తలకట్టుకు ఇంకో చిక్కు కూడా ఉంది. అడుగున పలక లేకుండా అక్షరాలనే అతికించి కీచైన్ చేయడం ఇంగ్లీషు పేర్లతో తేలిక. మనకు అలా చేస్తే తలకట్టు ఒకచోట, అక్షరం ఒకచోట ఊడి చేతిలోకి వస్తాయి. పోనీ పలకలోంచి అక్షరాన్ని చిల్లుగా కోద్దామంటే సున్న మధ్యలోని బిళ్ల, "థ" కడుపులోని చుక్క పట్టుకునేవాళ్లు లేక రాలిపోతాయి. అందుకే మా పాఠంలో పలక మీద ఉబ్బెత్తు అక్షరాలే. ఈ సంగతులన్నీ ఏ యంత్రం పుస్తకంలోనూ దొరకవు. తెలుగు రాసే పిల్లలు మాత్రమే కనిపెట్టగలరు, వాళ్లే కనిపెట్టారు.

స్లైసర్‌లో మార్చగల అంకెలు వందల్లో ఉంటాయి. పిల్లలకు నాలుగే చూపిస్తాం. పొర మందం 0.2 మిల్లీమీటర్లు. అంటే పలకకు 15 పొరలు, అక్షరాలకు 5, మొత్తం 20. చుట్టుగోడకు రెండు గీతలు. అడుగున నాలుగు, పైన నాలుగు పొరలు నిండుగా. మధ్యలో మిగిలిన ఏడు పొరల్లో 15 శాతం నింపుడు, వలలాగా. ప్రివ్యూలో ఆ మధ్య పొరలు చూసినప్పుడు పిల్లలు నమ్మలేదు. గట్టిగా కనిపించే వస్తువు లోపల అంతా గాలేనా అని. ఈ గాలి సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

స్లైస్ అయ్యాక వచ్చే ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపించడం నేను పట్టుబట్టి పాఠంలో చేర్చిన ముక్క. చదవడం నేర్పేదాన్ని కదా, యంత్రం ఏం చదువుతుందో చూడకుండా ఉండలేకపోయాను. వేల వరసలుంటాయి, ఇదిగో ఇలాంటివి:

```
G28
M190 S60
M109 S205
G92 E0
G1 X20 Y40 Z0.2 F3000
G1 X60 Y40 E1.33 F1200
```

మొదటి వరస, "నీ మూలకు వెళ్లు". రెండోది, "పళ్లెం 60 డిగ్రీలకు వేడెక్కేదాకా ఆగు". మూడోది, "ముక్కు 205 డిగ్రీలకు వచ్చేదాకా ఆగు". తర్వాత తీగ లెక్కను సున్నాకు తెచ్చి, ముక్కును పళ్లెం మీద 0.2 ఎత్తులో ఒక చోట నిలబెడుతుంది. చివరి వరసలో 40 మిల్లీమీటర్ల గీత గీస్తూ 1.33 మిల్లీమీటర్ల తీగను లోపలికి నెట్టమంటుంది.

ఆ 1.33 ఎక్కడిదని ఒక పిల్ల అడిగింది. సారు బోర్డు మీద లెక్క వేయించారు. గీత పొడవు 40, వెడల్పు 0.4, మందం 0.2. గుణిస్తే 3.2 ఘనపు మిల్లీమీటర్ల ప్లాస్టిక్. తీగ అడ్డుకొలత 1.75 కాబట్టి దాని కోత వైశాల్యం సుమారు 2.4 చదరపు మిల్లీమీటర్లు. 3.2ను 2.4తో భాగిస్తే 1.33. లావు తీగ వేలిగోరంత కూడా లోపలికి వెళ్లదు, సన్నగీత బయట నాలుగు సెంటీమీటర్లు పరుచుకుంటుంది. లెక్క కుదిరినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాల్సింది. తొమ్మిదో తరగతి ఘనపరిమాణాల పాఠం వీళ్లు పోయిన నెలే చదివారు, పరీక్ష కూడా రాశారు.

మూడో శనివారం ప్రింటింగ్. ఇక్కడ కాలం గురించి చెప్పాలి, ఎందుకంటే పాఠం రాసేటప్పుడు మేం మొదట తప్పింది అక్కడే. ఒక్క కీచైన్‌కు మా యంత్రం పాతిక నిమిషాలు తీసుకుంటుంది. ఇరవై నలుగురికి పది గంటలు. గంటన్నర క్లబ్బులో మూడుకు మించి కావు. ఎనిమిది కీచైన్లు ఒకేసారి పళ్లెం మీద పరుద్దామా అని నేనడిగాను. మొత్తానికి పట్టే కాలం పెద్దగా తగ్గదు, పైగా ఒకటి ఊడిందంటే ముక్కు దాన్ని ఈడ్చుకుంటూ పోయి మిగతా ఏడింటినీ పాడుచేస్తుందన్నారు సారు. అందుకని ముగ్గురికి ఒకటి చొప్పున ఎనిమిది కీచైన్లు, ఒకదాని తర్వాత ఒకటి. క్లబ్బులో మూడు, మధ్యాహ్నం భోజనం తర్వాత మిగతావి. ఎవరి ముక్కకు వాళ్లు మొదటి పొర అయ్యేదాకా కదలకుండా కాపలా ఉండాలి.

మొదటి పొరే ఎందుకంటే, పాడయ్యేవాటిలో ఎక్కువ అక్కడే పాడవుతాయి. అందుకే ముందు మూడు చదరపు బిళ్లలు ప్రింట్ చేస్తాం, రెండేసి సెంటీమీటర్లవి, ఒక్కో పొర మాత్రమే. ఒకటి కావాలని ముక్కు ఎక్కువ ఎత్తులో ఉంచి, ఒకటి సరిగ్గా, ఒకటి మరీ కిందికి దించి. ఎత్తులో వేసింది సేమియా పరిచినట్టుంటుంది. గుండ్రటి పోగులు, మధ్య సందులు, గోటితో లాగితే ఒక్కో పోగూ ఊడివస్తుంది. సరిగ్గా వేసింది తాటాకులా ఒకే రేకు. పోగులు కాస్త నొక్కుకుని పక్కపక్కన అతుక్కుని ఉంటాయి, వంచినా విడిపోవు. కిందికి దించింది వెలుతురుకు పెడితే అవతలి వేలు కనబడేంత పలచన, పైన గరుకు గట్లు. అది వేసేటప్పుడు యంత్రం వెనక నుంచి టక్ టక్ అని చప్పుడు కూడా వస్తుంది. తీగ ముందుకు పోలేక వెనక్కి జారుతున్న చప్పుడు. ఆ మూడు బిళ్లలూ పిల్లలు నోటుపుస్తకాల్లో అతికించుకుంటారు. ఆ తర్వాత మామూలు కాగితాన్ని ముక్కుకూ పళ్లేనికీ మధ్య పెట్టి, కాస్త గీరుకుంటూ కదిలేలా మరలు తిప్పడం ఎవరికి వాళ్లే చేస్తారు. ఎంత గీరుకోవాలో మాటల్లో చెప్పలేం. చేసి చూసుకుంటే రెండోసారికి వేళ్లకు తెలిసిపోతుంది.

మా మొదటి కీచైన్ మాత్రం మూల లేచిపోయింది. ఆరో పొర దగ్గర ఒక కొస పైకి వంగింది, పదో పొరకు ముక్కు దాన్ని తగిలి మొత్తం ఊడి పక్కకు పడింది. కాసేపటి ముందు ఎవరో బజ్జీలు తిన్న చేత్తో పళ్లేన్ని తాకారు, పైన సీలింగ్ ఫ్యాను కూడా జోరుగా తిరుగుతోంది. నూనె అంటినచోట ప్లాస్టిక్ పట్టదు, ఒక వైపు నుంచి గాలి కొడితే ఆ వైపు ముందు చల్లారి ముడుచుకుంటుంది. పళ్లేన్ని స్పిరిటుతో తుడిచి, ఫ్యాను ఆపి మళ్లీ మొదలుపెట్టాం. చెమటలు కారుతూ అందరం చుట్టూ నిలబడ్డాం. ఎవరూ కదల్లేదు.

పదిహేనో పొర అయ్యాక యంత్రం తనంతట తాను ఆగింది. స్లైసర్‌లో అక్కడ ఆగమని ముందే పెట్టాం. నీలం తీగ తీసి పసుపు తీగ ఎక్కించాం. ముక్కులోంచి కాసేపు ఆకుపచ్చ కారి, తర్వాత తేట పసుపు వచ్చింది. మళ్లీ కదిలింది. నీలం పలక మీద "సో" మొదలైంది, తర్వాత "మ", "శ", "ల". ఇరవయ్యో పొరలో గుడి వంపు కింది నుంచి ఎక్కి మెరుస్తూ పూర్తయింది. ఈ పాటికి నాకు ఎందుకో గొంతు పట్టేసింది. పళ్లెం చల్లారేదాకా ముట్టుకోవద్దన్నారు సారు. పది నిమిషాల తర్వాత టిక్ మని తనే ఊడింది.

పాఠంలో విరగ్గొట్టే భాగం కూడా ఉంది. అదే కీచైన్‌ను పడుకోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి ప్రింట్ చేసి ఉంచుతాం. రింగు పట్టి వంచమంటాం. పడుకోబెట్టింది వంగుతుంది, తెల్లబడుతుంది, చాలాసేపు మొండికేస్తుంది. నిలబెట్టింది రంధ్రం దగ్గర పెళుక్కుమంటుంది, విరిగిన చోట చూస్తే నున్నగా పొర గీత. పొరలోని గీత సాగేంత గట్టిగా పొరకూ పొరకూ మధ్య అతుకు ఉండదు.

ఇంకొకటి వేడినీళ్ల గ్లాసులో వేస్తాం. ఈ తీగ పేరు పీఎల్ఏ, మొక్కజొన్న లాంటి పంటల పిండి నుంచి చేస్తారు. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఫ్లాస్కులోంచి పోసిన నీళ్లలో అర నిమిషం ఉంటే అప్పడంలా వంగుతుంది. మే నెలలో అద్దాలు మూసిన కారు ముందు భాగంలో పెడితే కూడా అదే గతి, ఆ సంగతి పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. అక్కడ పెట్టాలనుకునేవాళ్లకు పెట్‌జీ అనే తీగ ఉంది, దానికి ముక్కు 235 డిగ్రీల చుట్టూ వేడెక్కాలి. వానాకాలం ఒడ్డున తేమ ఎక్కువ కాబట్టి ఏ తీగనైనా మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాస్తాం. తేమ పీల్చిన తీగ ముక్కులోంచి వచ్చేటప్పుడు చిటపటమంటుంది, అక్షరాల మధ్య సాలెపోగులు వదులుతుంది.

సోమశిల పిల్లాడు తన కీచైన్‌ను రెండు రోజులు జేబులో తిప్పి తెచ్చాడు. వాళ్ల నాన్నది పడవ. పడవకు కట్టే గొలుసు తాళానికి ఈ కీచైన్ వేద్దామనుకున్నాడట. "నీళ్లల్ల పడితే తేలుతదా సార్?"

సారు ముందు తేలదన్నారు. పీఎల్ఏ నీటికన్నా బరువు, ఘనపు సెంటీమీటరుకు 1.24 గ్రాములు. కానీ అనేసి ఆగిపోయారు, లోపల గాలి ఉంది కదా. పిల్లలు తూచారు, 2.7 గ్రాములు. రంధ్రం తీసేసి, అక్షరాలు కలుపుకుంటే బయటి కొలతల ప్రకారం 3.1 ఘనపు సెంటీమీటర్లు. నీళ్ల బకెట్లో వేశాం. తేలింది. "సోమశిల" పైకి చూస్తూ నీళ్ల మీద నిలిచింది. ఆ పిల్లల గోల ఆఫీసు గదికి వినిపించి హెడ్మాస్టరు గారు వచ్చారు.

తాళంచెవి తగిలించి వేస్తే మాత్రం తిన్నగా అడుక్కి పోయింది. కీచైన్‌కు ఉన్న తేలే బలం అర గ్రాము కూడా లేదు. చెవీ రింగూ కలిపి ఎనిమిది గ్రాములు, నీళ్లలో దాని బరువు ఏడు. అయితే పలక ఎంత మందం ఉండాలి? పిల్లలు బోర్డు మీద పడ్డారు. మందం పెంచితే నిండు పొరలు పెరగవు, మధ్యలోని వల పొరలే పెరుగుతాయి. 15 మిల్లీమీటర్లకు బయటి పరిమాణం 15 ఘనపు సెంటీమీటర్ల దాకా వెళ్తుంది, బరువు ఆరు గ్రాముల పైన కొంచెం. మిగులు ఎనిమిది గ్రాములకు పైనే. ఏడుకు సరిపోతుంది. పొరల మధ్య సందుల్లోంచి మెల్లగా నీరు ఊరుతుందేమోనని చుట్టుగోడ రెండు గీతల నుంచి మూడుకు పెంచాలన్నారు సారు. అప్పుడు బరువు ఇంకో గ్రాము దాకా పెరిగి లెక్క ఇంచుమించు అంచు మీదికి వస్తుంది. అందుకని మందం 18 చేద్దామన్నది సున్న మధ్యలోని బిళ్ల రాలిపోతుందని కనిపెట్టిన అమ్మాయి.

సోమశిల పిల్లాడు టింకర్‌క్యాడ్ తెరిచి 3 కొట్టేసి 18 వేశాడు, స్లైస్ నొక్కాడు. తెర మీద 95 పొరలు. వాడు మళ్లీ కింది బొత్తం పట్టుకున్నాడు.